వాపసు పథకం తెలుగులోకి: "అన్‌లెస్" ఎక్కడ పెట్టాలి, "లోపు" అంటే ఆ రోజు కలిసినట్టేనా?

నీలిసిరా
ఒక ట్రావెల్ సంస్థ తన ట్రిప్‌ను రద్దు చేసి, డబ్బు ఎలా తిరిగి ఇస్తుందో ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాసింది. దాన్ని తెలుగు ప్రయాణికుల కోసం తర్జుమా చేసే పని నాకు వచ్చింది. ఒక్క షరతు, ఒక్క తేదీ కూడా మారకూడదని గట్టిగా చెప్పారు. పేజీలో ఉన్నది ఇది. ట్రిప్ 2025 జూన్ 12న మొదలవ్వాలి, ఏప్రిల్ 28న రద్దయింది. నింపిన ఫారం 20/05/2025కి వాళ్లకు చేరాలి. ఫారం చేరాక 14 రోజుల్లో 40 శాతం, జులై 31న లేదా అంతకుముందు 35 శాతం, సెప్టెంబర్ 30కి మిగతాది, అందులో వీసా ఫీజు పోను. చివర్లో కామా పెట్టి, ప్రయాణికుడు మరో ప్రయాణానికి వాడుకునే ట్రావెల్ క్రెడిట్‌కు ఒప్పుకుని ఉంటే తప్ప అనే అర్థంలో "అన్‌లెస్"తో ఒక ముక్క తగిలించారు. ఆలస్యంగా వచ్చిన ఫారాలను "పరిశీలించవచ్చు" అన్నారు. క్రెడిట్ తీసుకున్నవాళ్ల ప్రయాణం 07/09/2026కల్లా మొదలవ్వాలి.

అసలు వాక్యానికి నేను రాసింది:

"నింపిన ఫారం అందిన 14 రోజుల్లోపు 40 శాతం, జులై 31 లోపు 35 శాతం, సెప్టెంబర్ 30 లోపు వీసా ఫీజు మినహాయించి మిగతా 25 శాతం మూడు వాయిదాల్లో వాపసు ఇవ్వబడుతుంది, ప్రయాణికుడు ట్రావెల్ క్రెడిట్ తీసుకోకపోతే తప్ప."

మొదటిసారి చదివినప్పుడు బాగానే అనిపించింది. రెండోసారి చదివితే కడుపులో తిప్పింది. ఎక్కడ తప్పిందో చెప్పండి.

గాలివాన
ఇంత మెలికెందుకండీ. జనం చూసేది రెండే, ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది. మూడు తేదీలు, మూడు శాతాలు ఒకదాని కింద ఒకటి రాసి, కింద "షరతులు వర్తిస్తాయి" అంటే సరిపోతుంది.

చిట్టిచీమ
"షరతులు వర్తిస్తాయి" అని రాశాక అసలు షరతులు ఎక్కడ రాస్తారు? ఆవిడ అడిగిందే ఆ షరతుల గురించి కదా.

రెండోచూపు
నీలిసిరా గారూ, మీ కడుపుకు సరిగ్గానే తెలిసింది. చివరి ముక్క తిరగబడింది. "తీసుకోకపోతే తప్ప" అంటే క్రెడిట్ తీసుకోనివాళ్లకు వాపసు లేదు, తీసుకున్నవాళ్లకు ఉంది అని. మూలంలో ఉన్నది సరిగ్గా దీనికి ఎదురు. ఇంగ్లిష్ "అన్‌లెస్"లో కాదు అనేది లోపలే దాగి ఉంటుంది. మనకు "తప్ప"లో ఒక కాదు ఉండనే ఉంది, దానికి "తీసుకోకపోతే" అని ఇంకొకటి కలిపితే రెండూ కొట్టుకుపోతాయి. "తీసుకుంటే తప్ప" అని ఉండాలి.

అయితే అలా దిద్ది వదిలేయకండి. మీ తర్జుమాలో అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ "అన్‌లెస్" దేనికి తగులుతుంది? మూడో విడతకేనా, మూడింటికీనా?

నీలిసిరా
అయ్యో, నిజమే. మాటలు మూలం వరసలోనే పెట్టాను. ఇంగ్లిష్‌లో చివర్లో ఉంది కాబట్టి నేనూ చివర్లోనే ఉంచాను.

రెండోచూపు
చిక్కు అక్కడే. ఇంగ్లిష్‌లో కామా తర్వాత తోక వేలాడేస్తే రెండు రకాలుగానూ చదవొచ్చు. రాసినవాడికి తన ఉద్దేశం తెలుసు కాబట్టి వాడికి ఇబ్బంది లేదు. తెలుగులో క్రియ చివరికి పోతుంది, షరతు దానికి ముందు రావాలి. దేనికి ముందు? "40 శాతం" ముందు పెడితే మూడింటికీ షరతు. "మిగతా 25 శాతం" ముందు పెడితే ఆ ఒక్కదానికే. మూలంలో తేలని సంగతి మీరు తెలుగు వాక్యం కట్టగానే తేలిపోతుంది, మీరు తేల్చాలనుకోకపోయినా. క్రెడిట్ తీసుకున్న మనిషికి మొదటి 75 శాతం డబ్బుగా వస్తుందా రాదా అన్నది మీ తర్జుమా మీద ఆధారపడకూడదు కదా. సంస్థను అడగండి. రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

పాతబడి
నేను ముప్ఫై ఏళ్లు ఆఫీసులో ఉత్తర్వులు తెలుగులో రాసినవాణ్ణి. రెండోచూపు చెప్పింది సబబే. ఇంకో మాట. "వాయిదా" తీసేయండి. అప్పు వాయిదాల్లో కడతారు, నిజమే. కానీ ఇది ట్రిప్ గురించిన కాగితం. ట్రిప్ వాయిదా పడింది అంటే మరో రోజుకు జరిగిందని అర్థం. "మూడు వాయిదాల్లో వాపసు" అన్నది కంగారులో ఉన్నవాడు చూస్తే, డబ్బు ఇవ్వడం మూడుసార్లు వాయిదా వేస్తారట అనుకుంటాడు. "మూడు విడతలుగా" అనండి. విడతకు ఆ రెండో అర్థం లేదు.

చిట్టిచీమ
మా ఇంట్లో జరిగిందండీ ఇది. అమ్మకు "వాయిదా" అన్న మాట ఒక్కటి కనిపించింది, ట్రిప్ ఉందనుకుని సూట్‌కేసు మళ్లీ సర్దింది 😊

సంచీభుజాన
నాక్కూడా రద్దయిన ట్రిప్ డబ్బు ఇంకా రాలేదు. 14 రోజుల్లో ఇవ్వాలని చట్టం ఉందట కదా? ఎవరికి ఫిర్యాదు చేయాలో ఎవరైనా చెప్పండి. నాలుగు నెలలైంది.

గాలివాన
అన్నా, ఇక్కడ తర్జుమా గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ 14 రోజులు ఏ దేశం ఒప్పందం అన్నదాన్ని బట్టి ఉంటాయి.

రెండోచూపు
సంచీభుజాన గారు చెప్పింది యూరోపియన్ యూనియన్ నిబంధన అయి ఉండాలి. ప్యాకేజీ ట్రిప్పుల మీద 2015లో వచ్చిన ఆదేశంలో, ఒప్పందం రద్దయ్యాక 14 రోజులకు మించకుండా డబ్బు తిరిగివ్వాలని ఉంది. అది అక్కడి ఒప్పందాలకే. నీలిసిరా గారి కాగితంలో 14 రోజులు ఫారం అందినప్పటి నుంచి, రద్దయినప్పటి నుంచి కాదు. రెండు చోట్లా 14 కనిపిస్తుంది కాబట్టి చదివేవాళ్లు కలిపేసుకుంటారు. తర్జుమా చేసేవాళ్లూ కలిపేస్తారు, నేను చూశాను.

సంచీభుజాన
సరే, అర్థమైంది. కానీ నా సంగతి కూడా తర్జుమాతోనే చెడింది, వినండి. నాకిచ్చిన తెలుగు కాగితంలో "ఫారం మే 20 లోపు పంపాలి" అని ఉంది. 20 సాయంత్రం తపాలాలో వేశాను. 23న వాళ్లకు చేరింది. "గడువు దాటింది" అన్నారు. తర్వాత ఇంగ్లిష్ కాగితం తెప్పించుకుని చూస్తే, అక్కడున్నది చేరాలి అని, పంపాలి అని కాదు. నేను తెలుగు నమ్మాను. అదీ నా తప్పేనట.

నీలిసిరా
చదువుతుంటేనే బాధేసింది సంచీభుజాన గారూ. నా కాగితంలో కూడా మే 20యే. ట్రిప్ ఒకటే కావచ్చు, కాకపోవచ్చు, పేర్లు వద్దులెండి. నా ముసాయిదాలో ఫారం చివరి తేదీ వాక్యం ఇంకా రాయలేదు. రాస్తే నేనూ "పంపాలి" అనే అనేదాన్నేమో, ఎందుకంటే తెలుగులో ఆ మాటే నోటికి ముందొస్తుంది.

పాతబడి
"మే 20 నాటికి మా కార్యాలయానికి అందాలి". అంతే. "అందాలి" అన్న మాటతో చేరే బాధ్యత ఎవరిదో తెలిసిపోతుంది. "పంపాలి" అంటే పంపినవాడి చేతి పని, అక్కడితో అయిపోతుంది.

లెక్కలపిచ్చి
మాట్లాడకుండా చదువుతున్నాను గానీ వీసా ఫీజు దగ్గర ఆగిపోయాను. "వీసా ఫీజు మినహాయించి మిగతా 25 శాతం" అన్నారు. ఏది ముందు చేయాలి? కట్టిన మొత్తం 1000, వీసా ఫీజు 80 అనుకోండి.

మొత్తంలోంచి ఫీజు ముందే తీసేస్తే 920. దాంట్లో 25 శాతం 230.

25 శాతం ముందు లెక్కేస్తే 250. అందులోంచి 80 తీస్తే 170.

ఒకే తెలుగు వాక్యం, 60 తేడా. మూలంలో ఏముంది?

నీలిసిరా
మూలంలో "బ్యాలెన్స్, లెస్ ద వీసా ఫీ". "25 శాతం" అన్న మాట అసలు మూలంలో లేదు! 40, 35 పోతే 25 మిగులుతుందని నేనే లెక్కేసి రాశాను.

లెక్కలపిచ్చి
అంటే మిగిలినదాంట్లోంచి ఫీజు తీసేయడమే, 170. కానీ మీ తెలుగు వాక్యాన్ని 230గా చదవడం కూడా తప్పు కాదు. "మినహాయించి" ఎంతసేపూ తన తర్వాత వచ్చే మాటను పట్టుకుంటుంది. "మిగిలిన మొత్తం లోంచి వీసా ఫీజు తీసేసి, ఉన్నది ఇస్తారు" అంటే ఇంక తిప్పడానికి లేదు. చదివేవాడు వేలు పెట్టి లెక్కేసుకోగలడు.

గాలివాన
25 అని రాయడంలో తప్పేముంది? 100లోంచి 75 పోతే 25. అది లెక్క, తర్జుమా కాదు.

రెండోచూపు
లెక్క సరైనదే, గాలివాన గారూ. కానీ 40, 35 దేంట్లో శాతాలు? కట్టిన మొత్తంలోనా, ట్రిప్ ధరలోనా? ట్రిప్ ధర 1000 అయి, ఒకరు అప్పటికి 600 మాత్రమే కట్టి ఉంటే, "మిగిలినది" అంటే 25 శాతం కాకపోవచ్చు. ధరలో 40 శాతం అంటే 400, అప్పుడే మూడింట రెండొంతులు వచ్చేసినట్టు. మూలంలో లేని అంకెను తర్జుమాలోకి తెస్తే, దాని వెనకాల మనకు తెలియని ఊహ ఒకటి వచ్చి కూర్చుంటుంది. "మిగిలినది" అన్న చోట "మిగిలినది" అనే రాయాలి.

గాలివాన
ఇది ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నా.

చిట్టిచీమ
07/09/2026 ఏంటి? జులై 9యా, సెప్టెంబర్ 7యా? దీని గురించి ఎవరూ మాట్లాడలేదు.

నీలిసిరా
నేను సెప్టెంబర్ 7 అనుకున్నాను. ఎందుకనుకున్నానో నన్నడిగితే చెప్పలేను.

రెండోచూపు
చిట్టిచీమ గారు మంచి చోట పట్టుకున్నారు. అదే కాగితంలో ఇంకో తేదీ 20/05/2025 అని ఉంది. 20 నెల కాలేదు. కాబట్టి ఈ కాగితం రాసినవాళ్లు రోజు ముందు పెడతారని తేలుతుంది, 07/09 అంటే సెప్టెంబర్ 7. ఇలాంటి చోట 12 కంటే పెద్ద అంకె ఉన్న తేదీ కోసం ఆ కాగితమంతా వెతకండి. ఇది బలమైన ఆధారమే గానీ పూర్తి రుజువు కాదు, ఎందుకంటే ఒక కాగితాన్ని ఇద్దరు ముగ్గురు కలిపి రాస్తారు. అడగాల్సిన ప్రశ్నల్లో దీన్నీ కలపండి. జవాబొచ్చాక తెలుగులో అంకె-గీత-అంకె వద్దు, నెల పేరుతో "2026 సెప్టెంబర్ 7" అని రాయండి.

ఇంకోటి. అక్కడ ప్రయాణం "మొదలవ్వాలి" అన్నారు. "సెప్టెంబర్ 7 వరకు క్రెడిట్ చెల్లుతుంది" అని రాస్తే, ఆ రోజుకల్లా బుక్ చేసుకుంటే చాలనుకుంటారు. ఆగస్టులో బుక్ చేసుకుని అక్టోబర్లో బయల్దేరేవాడికి క్రెడిట్ పోయినట్టే.

నీలిసిరా
నేను సరిగ్గా "చెల్లుతుంది" అనే రాశాను. ఇప్పుడే మార్చేశాను.

పాతబడి
ఇక "లోపు" సంగతి. "జులై 31 లోపు" అంటే 31 కలుస్తుందా కలవదా? మా ఆఫీసులో కలుస్తుందనే అనుకునేవాళ్లం. కానీ "లోపు" అంటే లోపల అని కదా, గీతకు ఇవతల. గీత మీద నిలబడితే లోపలున్నట్టా బయటున్నట్టా? ఒకసారి దీని మీద పెద్ద తగువే అయింది. అప్పటినుంచి నేను "31వ తేదీతో సహా" అని కలిపి రాసేవాణ్ణి.

చిట్టిచీమ
నాకైతే "31 లోపు" అంటే 30తో అయిపోయినట్టే. "లోగా" కూడా అంతే.

లెక్కలపిచ్చి
నాకు 31 కలిసినట్టే. మా ఇంట్లో నలుగుర్ని అడిగాను. ఇద్దరు కలుస్తుందన్నారు, ఒకరు కలవదన్నారు, ఒకరు "ఎందుకడుగుతున్నావు" అన్నారు.

రెండోచూపు
అయితే ఆ మాట ఈ కాగితంలో వాడకూడదన్నట్టే. మూలంలో జులై 31కి "న లేదా అంతకుముందు" అని తేటగా ఉంది. దాన్ని "జులై 31న గానీ అంతకుముందు గానీ" అని ఉన్నదున్నట్టు రాసేయవచ్చు. కాస్త పొడుగైనా ఎవరూ రెండు రకాలుగా చదవరు. సెప్టెంబర్ 30కి మాత్రం మూలంలో "బై" అని ఒక్క ముక్కే ఉంది. దానికి "30 నాటికి" దగ్గరగా ఉంటుంది. ఆ రోజు గడిచేసరికి డబ్బు చేతికొచ్చి ఉండాలని.

పాతబడి
"నాటికి" కూడా అంత తేట కాదు. "ఆ నాటికి ఇవ్వాలి" అంటే ఆ రోజు పొద్దున్నకే సిద్ధంగా ఉండాలని నా వాడుక. నేనైతే రెండు చోట్లా ఒకే మాట పెడతాను, "31వ తేదీతో సహా", "30వ తేదీతో సహా".

రెండోచూపు
అక్కడ నాకు ఇబ్బందుంది. మూలంలో రెండు చోట్ల రెండు రకాల మాటలున్నాయి. కావాలని అలా రాశారో, అలవాటుగా రాశారో మనకు తెలియదు. రెండింటినీ ఒకటి చేస్తే తేడా చెరిపేసినట్టు. చెరపడానికి వాళ్లు ఒప్పుకుంటే సరే.

పాతబడి
చదివే ప్రయాణికుడికి రెండు రకాల మాటలు కనిపిస్తే రెండు రకాల గడువులనుకుంటాడు. తేడా లేనిచోట తేడా పుట్టించడం కూడా తప్పే కదా.

నీలిసిరా
మీరిద్దరూ చెప్పింది నాకు సరిగ్గానే అనిపిస్తోంది, అదే నా బాధ. దీన్నీ సంస్థనే అడుగుతాను. మరి "అందిన 14 రోజుల్లో"? ఫారం మే 6న అందిందనుకుంటే చివరి రోజు 19యా 20యా?

లెక్కలపిచ్చి
6ను మొదటి రోజుగా లెక్కేస్తే 19. 7 నుంచి లెక్కేస్తే 20. తెలుగులో "అందిన రోజు నుంచి" అంటే చాలామంది ఆ రోజునే ఒకటిగా వేళ్ల మీద మొదలుపెడతారు.

గాలివాన
దీనికి రూలుంది. మొదటి రోజు ఎప్పుడూ లెక్కలోకి రాదు. ప్రపంచమంతా అదే పద్ధతి.

రెండోచూపు
ప్రపంచమంతా అనలేం గానీ, చాలా చోట్ల అదే పద్ధతి. యూరోపియన్ యూనియన్‌లో 1971 నాటి నిబంధన ఒకటి ఇదే చెబుతుంది, సంగతి జరిగిన రోజును గడువులో కలపకూడదని. అయినా ఆ పద్ధతిని మనం తర్జుమాలో దూర్చకూడదు. ఈ కాగితానికి ఏ చట్టమో మనకు తెలియదు. ప్రయాణికులకు రోజు తెలియాలంటే సంస్థే చెప్పాలి. వాళ్లు చెప్పకపోతే "అందిన తర్వాత 14 రోజుల్లో" అని మూలం ఎంత చెబితే అంతే చెప్పి ఆగాలి. "నుంచి" కంటే "తర్వాత" మంచిది, మొదటి రోజును లాక్కురాదు.

చిట్టిచీమ
"ఇవ్వబడుతుంది" చెవికి గుచ్చుకుంటోంది. "సంస్థ ఇస్తుంది" అంటే పోలా?

నీలిసిరా
అలా మార్చబోయి ఆగాను. మూలంలో ఎవరిస్తారో చెప్పలేదు.

రెండోచూపు
ఆగి మంచిపని చేశారు. ట్రిప్ డబ్బులో కొంత విమాన సంస్థ దగ్గర, కొంత హోటల్ దగ్గర ఉండొచ్చు. "సంస్థ ఇస్తుంది" అంటే ఆ భారమంతా వాళ్ల నెత్తిన మీరే పెట్టినట్టు. "వాపసు వస్తుంది" అనండి. ఎవరిస్తారో చెప్పకుండానే తెలుగులా ఉంటుంది.

పాతబడి
"వస్తుంది"లో మాట ఇచ్చిన బరువు లేదు. వాన వస్తుంది అన్నట్టుంది. "చెల్లించబడును" అంటే కాగితానికి ఒక కట్టుబాటు ఉంటుంది. చెవికి గుచ్చుకున్నా ఫర్వాలేదు.

సంచీభుజాన
నాకైతే "వస్తుంది" అంటే నమ్మకం కలగదు. నాలుగు నెలలుగా వింటున్న మాట అదే.

చిట్టిచీమ
"చెల్లిస్తారు" అంటే? ఎవరో చెప్పదు, మాట ఇచ్చినట్టూ ఉంటుంది.

రెండోచూపు
అది బాగుంది. నాకు తట్టలేదు.

నీలిసిరా
మూడు రోజులైంది. సంస్థకు ఆరు ప్రశ్నలు పంపాను, ఐదింటికి జవాబొచ్చింది. "అన్‌లెస్" మూడో విడతకే తగులుతుంది, క్రెడిట్ తీసుకున్నవాళ్లకు కూడా మొదటి రెండు విడతలు డబ్బుగానే వస్తాయి. శాతాలు ప్రయాణికుడు కట్టిన మొత్తంలో. ఫీజు మూడో విడతలోంచే తీస్తారు. ఫారం అందిన రోజును లెక్కలో కలపరు. 07/09 అంటే సెప్టెంబర్ 7. "న లేదా అంతకుముందు"కూ "బై"కూ తేడా ఉందా అన్నదానికి మాత్రం జవాబు లేదు. ఇప్పుడున్న రూపం ఇది:

"పూర్తిగా నింపిన ఫారం 2025 మే 20వ తేదీతో సహా ఆ లోగా మా కార్యాలయానికి అందాలి. ఫారం అందిన రోజును లెక్కించకుండా, ఆ తర్వాతి 14 రోజుల్లో, మీరు కట్టిన మొత్తంలో 40 శాతం మొదటి విడతగా చెల్లిస్తారు. 2025 జులై 31న గానీ అంతకుముందు గానీ, కట్టిన మొత్తంలో 35 శాతం రెండో విడతగా చెల్లిస్తారు. మిగిలిన దానిలోంచి వీసా ఫీజు తీసేసి, ఉన్నది 2025 సెప్టెంబర్ 30 నాటికి మూడో విడతగా చెల్లిస్తారు. ట్రావెల్ క్రెడిట్‌కు ఒప్పుకున్నవారికి మూడో విడత చెల్లించరు. మొదటి రెండు విడతలు వారికీ చెల్లిస్తారు. క్రెడిట్‌తో చేసే ప్రయాణం 2026 సెప్టెంబర్ 7న గానీ అంతకుముందు గానీ మొదలవ్వాలి. గడువు తర్వాత అందిన ఫారాలను పరిశీలిస్తారు."

లెక్కలపిచ్చి
మూలంతో పక్కపక్కన పెట్టి అంకెలన్నీ గీత కొట్టుకుంటూ పోయాను. ట్రిప్ తేదీ, రద్దు తేదీ ఈ పేరాలో లేవు, పై పేరాలో ఉంటాయనుకుంటున్నా. తక్కినవి నాలుగు తేదీలు, ఒక 14, రెండు శాతాలు. అన్నీ ఉన్నాయి. మూలంలో లేని అంకె ఒక్కటీ లేదు.

రెండోచూపు
చివరి వాక్యం చూడండి. మూలంలో "పరిశీలించవచ్చు" అని కదా చెప్పారు. మీరు "పరిశీలిస్తారు" అన్నారు. ఆలస్యంగా పంపినవాడు దీన్ని హక్కుగా తీసుకుంటాడు. ఇంతకుముందు వాక్యాలన్నీ "చెల్లిస్తారు" అని ముగిశాయి కాబట్టి ఆ ఊపులో చెయ్యి జారింది.

నీలిసిరా
అవును, ఆ ఊపే. "పరిశీలించవచ్చు" అని మార్చాను.

సంచీభుజాన
"పరిశీలించవచ్చు" అన్నా పర్వాలేదనుకుంటారు ఆలస్యమైనవాళ్లు. తెలుగులో "మీరు లోపలికి రావచ్చు" అంటే అనుమతి. ఇక్కడ అది అనుమతి కాదు, వాళ్లిష్టం. నా ఫారం మూడు రోజులు ఆలస్యమైనప్పుడు నేనూ అలాగే ఆశపడ్డాను.

పాతబడి
"పరిశీలించవచ్చు, పరిశీలించకపోవచ్చు" అని రెండూ రాయండి.

రెండోచూపు
మూలంలో రెండో సగం లేదు పాతబడి గారూ. అర్థంలో ఉంది, మాటలో లేదు. "పరిశీలించే వీలుంది" అంటే?

పాతబడి
"వీలుంది" ఇంకా ఆశ పెడుతుంది. నాకు నచ్చలేదు.

నీలిసిరా
"పరిశీలించాలా వద్దా అన్నది సంస్థ ఇష్టం" అని రాసి, ఇది మీ ఉద్దేశమేనా అని వాళ్లకు పంపుతున్నాను. "బై" సంగతి కూడా మళ్లీ అడిగాను. సంచీభుజాన గారూ, మీ తెలుగు కాగితం, ఇంగ్లిష్ కాగితం రెండూ పక్కపక్కన పెట్టి, "పంపాలి", "చేరాలి" అన్న చోట్ల గీత గీసి వాళ్లకు పంపండి. ఆ తెలుగు వాళ్లే ఇచ్చారు కదా.

సంచీభుజాన
ఇంగ్లిష్ కాగితం బయటికి తీశాను. ఈ రాత్రికే గీస్తాను.